పరిచయం రాసే ముందు మూడు గడుల కాగితం

సన్మాన సభల్లో పరిచయ ప్రసంగం తరచూ ‘పరిచయం అక్కర్లేని వ్యక్తి’ అని మొదలై పావుగంట సాగుతుంది. బహుముఖ ప్రజ్ఞాశాలి, నిగర్వి, నిరాడంబరుడు, ఎందరికో మార్గదర్శి అని అన్నీ వినిపిస్తాయి. బయటికి వచ్చాక పక్కనున్నవాళ్లను ‘ఇంతకీ ఆయన ఏం చేశాడు?’ అని అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. రాసినవారికి భాష రాక ఇలా జరగదు. ఆ పరిచయం రాసినాయన తెలుగు బహుశా చాలా బాగుండి ఉంటుంది. కలం పట్టే వేళకు చేతిలో సరుకు లేదు, అంతే. సరుకు లేని చోటికి విశేషణాలు వచ్చి కూర్చుంటాయి.

పదవీ విరమణ సంచిక, పుస్తకం వెనక అట్ట, అవార్డు దరఖాస్తు, సభలో వక్త పరిచయం, వ్యాపారి కరపత్రం. ఎక్కడ రాసినా పరిచయం వంద మాటలకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. అందులో పట్టేవి నాలుగైదు విషయాలే. ఆ నాలుగైదు ఏవో తేలాలంటే ముందు పాతిక విషయాలు పోగుచేసి, వాటిలో నిలబడేవి ఏవో చూడాలి. దానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. ఒక తెల్ల కాగితాన్ని అడ్డంగా పెట్టి మూడు గడులు గీస్తే చాలు. మొదటి గడిలో పాత్ర, రెండో గడిలో సాధన, మూడో గడిలో ఆధారం. అసలు పని మూడో గడిలో ఉంది. మొదటి రెండు గడుల్లో రాసుకున్న మాటలు అక్కడికి వచ్చాక మారిపోతుంటాయి.

ఇది ఎలా పనిచేస్తుందో చూడటానికి మనకు బాగా తెలిసిన పేరునే తీసుకోవచ్చు. డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. ఏటా ఆ తేదీకి ఆయన గురించి ఎక్కడో ఒకచోట చిన్న పరిచయం వస్తూనే ఉంటుంది. వాటిలో నాలుగు మాటలు తరచూ కనిపిస్తాయి. ఏటీపీని కనిపెట్టారు, ఆరియోమైసిన్ కనిపెట్టారు, క్యాన్సర్‌కు మందు కనిపెట్టారు, ఫోలిక్ యాసిడ్ కనిపెట్టారు. నాలుగింటికీ ఒకే క్రియ. వీటిలో ఏదీ పూర్తిగా అబద్ధం కాదు. కానీ ఒక్కోటి ఎంతవరకు నిజమన్నది వేరువేరు లెక్క.

ఒక హైస్కూలు సైన్సు గది గోడకు ఆయన మీద చిన్న బోర్డు రాయాలనుకుందాం. కాగితం పైభాగంలో ముందుగా రాయాల్సింది అదే. ఎవరు చదువుతారు, ఎక్కడ, ఎన్ని మాటలు? ఇక్కడ చదివేది తొమ్మిదో తరగతి పిల్లలు, చోటు అరవై మాటలకు. ఈ ఒక్క గీత లేకపోతే తర్వాత ఏది ఉంచాలో ఏది తీసేయాలో తేల్చుకోవడం కష్టం. అదే వ్యక్తి గురించి వైద్య కళాశాల సంచికలో రాస్తే ఎంపిక మారిపోతుంది.

ఇక పాత్రల గడి. ఇందులో ‘శాస్త్రవేత్త’ అని రాస్తే ఉపయోగం లేదు. అది చివర చదివేవాడు అనుకోవాల్సిన మాట. పాత్ర అంటే ఏ పని, ఎక్కడ, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా అన్నవి. విశేషణాలకు ఈ గడిలో చోటు లేదు. సుబ్బారావు విషయంలో అలా రాస్తూ పోతే వరస ఇలా వస్తుంది: మద్రాసు మెడికల్ కాలేజీలో విద్యార్థి, మద్రాసులోనే ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పిన అధ్యాపకుడు, 1922లో బోస్టన్ చేరి హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల చదువు, అదే కాలంలో పొట్టకూటికి ఆసుపత్రిలో రాత్రి పని, తర్వాత హార్వర్డ్ జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్కే ప్రయోగశాలలో పరిశోధకుడు, 1930లో పీహెచ్‌డీ, 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీలో చేరిక, తర్వాత అక్కడ పరిశోధనల డైరెక్టర్, 1948లో మరణం.

ఇంకా సాధనల జోలికి పోలేదు. అయినా ఈ వరస ఒక సంగతి చెప్పేసింది. ఆయన అమెరికా జీవితం రెండు భాగాలు. హార్వర్డ్‌లో స్వయంగా గాజు గొట్టాలు పట్టుకుని పనిచేసిన మనిషి. లెడర్లీలో ముఖ్యంగా పదుల మంది పరిశోధకులకు దారి చూపిన మనిషి. మొదటి భాగానికి సరిపడే క్రియ రెండో భాగానికి సరిపడకపోవచ్చు. అన్నిటికీ ‘కనిపెట్టారు’ అని రాసేవాళ్లు ఈ గడి నింపకుండా నేరుగా రెండో గడికి దూకినవాళ్లే.

రెండో గడిలో ఒక్కో పాత్రకు ఎదురుగా ఒకే ప్రశ్న వేసుకోవాలి. ఆ పని వల్ల ఎవరికి ఏం మారింది? మూడో గడిలో ఆ మాట నిజమని తనకు సంబంధం లేని మరో మనిషికి చూపించగలిగినది ఏదో రాయాలి. సుబ్బారావు సాధనలను ఒక్కొక్కటిగా ఈ రెండు గడుల్లోకి దించితే చాలా మాటలు సర్దుకుంటాయి.

మొదటిది భాస్వరం కొలత. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో తేల్చడానికి ఫిస్కేతో కలిసి ఆయన ఒక పద్ధతి తయారుచేశారు. నమూనాలో తగిన రసాయనాలు కలిపితే నీలం రంగు వస్తుంది. రంగు ఎంత ముదిరితే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. ఆ వ్యాసం 1925లో ‘జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ’లో వచ్చింది. రచయితలు ఇద్దరే. జీవరసాయన శాస్త్రం చదివినవాళ్లకు, ల్యాబ్ టెక్నీషియన్లకు ‘ఫిస్కే–సుబ్బారావు పద్ధతి’ అన్న పేరు తెలుసు. ఆధారాల్లో ఇంతకంటే గట్టిది దొరకదు. పత్రం ఉంది, తేదీ ఉంది, లోకం ఆ పద్ధతిని ఆయన పేరుతోనే పిలుస్తోంది. విచిత్రమేమిటంటే తెలుగు పరిచయాల్లో తరచూ వదిలేసేది దీన్నే. మందు కాదు కదా, చెప్పుకోవడానికి ఘనంగా ఉండదనుకుంటారు కాబోలు.

రెండోది ఏటీపీ. కండరాలకు పనిచేసే శక్తిని అందించే పదార్థం అది. దాని గురించి ఫిస్కే, సుబ్బారావుల వ్యాసం 1929లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. ఇక్కడిదాకా బాగానే ఉంది. కానీ ఆధారం వెతికేవాడు ఆ వ్యాసం దగ్గరే ఆగకుండా ఇదే పని ఇంకెవరైనా చేశారా అని కూడా చూడాలి. చూస్తే అదే 1929లో జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా దాన్ని గుర్తించినట్టు తేలుతుంది. అంటే ‘ప్రపంచంలోనే తొలిసారి’ అన్న మాట ఆధారాల గడి దాటి రాలేదు. ‘ఫిస్కేతో కలిసి ఏటీపీని వేరుచేశారు’ అన్న మాట దాటి వస్తుంది. దీంతో ఆయన గొప్పతనమేమీ తగ్గదు. పైగా లోమాన్ పేరు తెలిసిన పాఠకుడు ‘తొలిసారి’ అన్న మాట చూడగానే మిగతా పరిచయాన్ని కూడా అనుమానంగా చదువుతాడు.

‘తొలి’, ‘ఏకైక’, ‘మొట్టమొదటి’ అన్న మాటలు పరిచయాల్లో చాలా ఖరీదైనవి. వాటిని నిరూపించాలంటే ఆయన చేశాడని చూపిస్తే సరిపోదు, అంతకు ముందు ఎవరూ చేయలేదని కూడా చూపించాలి. ఆ రెండో సగం చూపించగలిగేవాళ్లు అరుదు.

లెడర్లీ కాలానికి వస్తే లెక్క ఇంకా సున్నితం. ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసినట్టు ప్రకటించిన 1945 నాటి ‘సైన్స్’ వ్యాసం కింద పదహారు మంది పేర్లున్నాయి. అందులో సుబ్బారావు ఒకరు. గర్భిణులకు ఈనాడు ఇచ్చే మాత్రల్లో ఉండేది ఆ ఫోలిక్ యాసిడే కాబట్టి ‘ఎవరికి ఏం మారింది’ అన్న గడి నింపడానికి ఇబ్బంది లేదు. మార్చాల్సింది క్రియను. ‘తయారుచేసిన బృందానికి సారథ్యం వహించారు’ అంటే పదహారు పేర్ల కాగితం ఎవరు తీసి చూసినా మాట నిలబడుతుంది.

ఆరియోమైసిన్ కథ వేరు. ఆ యాంటీబయాటిక్‌ను ఇచ్చే సూక్ష్మజీవిని మిస్సోరి విశ్వవిద్యాలయం పొలంలోంచి వచ్చిన మట్టి నమూనాలో పట్టుకున్నది బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు. విశ్వవిద్యాలయ కొలువు నుంచి రిటైరయ్యాక లెడర్లీలో చేరిన పెద్దాయన. పేటెంట్ కూడా డగ్గర్ పేరు మీదే ఉంది. సుబ్బారావు అప్పుడు ఆ సంస్థలో పరిశోధనలకు అధిపతి. కాబట్టి ‘ఆరియోమైసిన్ కనిపెట్టిన సుబ్బారావు’ అన్న వాక్యం మూడో గడి దగ్గర ఆగిపోతుంది. ‘ఆయన నడిపిన పరిశోధనా విభాగం నుంచి వచ్చింది’ అన్నది మాత్రం సాగుతుంది. డగ్గర్ పేరు చెప్పడానికి బోర్డు మీద చోటు లేకపోతే కనీసం ఆయనకు దక్కాల్సినది సుబ్బారావుకు రాసివ్వకుండా ఉండొచ్చు.

క్యాన్సర్ మాటకు మరో రకం జాగ్రత్త కావాలి. 1948లో బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్, ఆయన సహచరులు ఒక వ్యాసం ప్రచురించారు. రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు అమినోప్టెరిన్ ఇస్తే కొంతమందిలో వ్యాధి కొంతకాలం వెనక్కి తగ్గిందన్నది దాని సారం. ఆ మందు లెడర్లీలో సుబ్బారావు బృందం తయారుచేసి ఇచ్చింది. దాని దగ్గరి చుట్టమే ఇప్పటికీ వాడుతున్న మెథోట్రెక్సేట్. ఫార్బర్ వ్యాసం శీర్షికలోనే ఆ తగ్గుదల తాత్కాలికమని ఉంది. అక్కడ వైద్యుడు అంత జాగ్రత్తగా రాస్తే ఇక్కడ మనం ‘క్యాన్సర్‌ను జయించిన తెలుగువాడు’ అని రాయడం ఏం న్యాయం? ఆధారాన్ని పేరుకు చూపించడం కాదు, అది ఎంత చెబుతోందో అంతే చెప్పాలి.

బోదకాలు మందు దగ్గర మాత్రం తెలుగు పాఠకుడికి సొంత అనుభవం ఉంది. ఆ వ్యాధి నివారణ కోసం ఊళ్లలో ఆరోగ్య కార్యకర్తలు పంచే డీఈసీ మాత్ర మూలం కూడా లెడర్లీయే. 1947 నాటి వ్యాసంలో రచయితల పేర్ల చివర సుబ్బారావు పేరుంది. గోదావరి జిల్లా గోడ మీద రాసే బోర్డుకు ఇంతకంటే దగ్గరి విషయం ఇంకేముంటుంది? తొమ్మిదో తరగతి కుర్రాడు ఏటీపీ పేరు పాఠంలో చదివి ఉంటాడు. డీఈసీ మాత్రను ఇంట్లో చూసి ఉంటాడు. అందుకే పైన రాసుకున్న ‘చదివేది ఎవరు’ అన్న గీత ఇక్కడ పనికొస్తుంది.

ఇదంతా కాగితం మీద పెడితే ఇంతే అవుతుంది:

| పాత్ర | సాధన | ఆధారం | నిలిచే క్రియ |
|---|---|---|---|
| హార్వర్డ్‌లో పరిశోధకుడు | ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి | 1925 వ్యాసం, ఇద్దరు రచయితలు. పద్ధతికి పేరు | ఫిస్కేతో కలిసి రూపొందించారు |
| హార్వర్డ్‌లో పరిశోధకుడు | ఏటీపీ | 1929 ‘సైన్స్’ వ్యాసం. అదే ఏడు లోమాన్ కూడా | ఫిస్కేతో కలిసి వేరుచేశారు |
| లెడర్లీ పరిశోధనల అధిపతి | ఫోలిక్ యాసిడ్ తయారీ | 1945 వ్యాసం, పదహారు పేర్లు | బృందాన్ని నడిపించారు |
| లెడర్లీ పరిశోధనల అధిపతి | బోదకాలు మందు డీఈసీ | 1947 వ్యాసం, పలువురు రచయితలు | బృందాన్ని నడిపించారు |
| లెడర్లీ పరిశోధనల అధిపతి | ఆరియోమైసిన్ | పేటెంట్ డగ్గర్‌ది | ఆయన విభాగం నుంచి వచ్చింది |
| లెడర్లీ పరిశోధనల అధిపతి | అమినోప్టెరిన్ | 1948 ఫార్బర్ వ్యాసం. తాత్కాలిక ఫలితం | ఆయన బృందం అందించింది |

చివరి గడి మొదట గీసుకున్నది కాదు. ఆధారాలు రాస్తుంటే దానంతట అదే పుట్టుకొస్తుంది. అనుభవం ఉన్నవాళ్లు దాన్ని ముందే గీసుకుంటారు.

కాగితం వెనక వైపు కూడా ఖాళీగా ఉండకూడదు. ఆధారం ఇంకా దొరకనివి, రెండు చోట్ల రెండు రకాలుగా ఉన్నవి అక్కడికి పోతాయి. సుబ్బారావు మరణ తేదీ కొన్ని చోట్ల 1948 ఆగస్టు 8 అని, కొన్ని చోట్ల 9 అని కనిపిస్తుంది. తేలేదాకా ‘1948 ఆగస్టులో’ అని రాస్తే తప్పు పడదు. ఖద్దరు గౌను వేసుకున్నందుకు మద్రాసులో ఆచార్యుడి కోపానికి గురై ఎంబీబీఎస్‌కు బదులు దానికంటే తక్కువ పట్టాతో సరిపెట్టుకోవాల్సి వచ్చిందన్న కథ కూడా వెనక వైపుకే వెళ్తుంది. జీవిత చరిత్రల్లో ఉన్న మాటే, మంచి కథ. కానీ పట్టా ఏదన్నది కాగితంతో తేలుతుంది, ఎందుకన్నది ఎవరో చెప్పగా విన్నది. ఆ రెండింటినీ ఒకే వాక్యంలో ఒకే గొంతుతో చెప్పకూడదు. ‘నోబెల్ రావాల్సిన మనిషి’ అన్నది అసలు సాధన కాదు, రాసేవాడి అభిప్రాయం.

అంతా బాగుంది, మా మాస్టారి గురించి ‘సైన్స్’ పత్రికలో ఎవరు రాశారు అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. మామూలు మనుషుల ఆధారాలు పత్రికల్లో ఉండవు. బీరువాలో, ఆఫీసు రిజిస్టర్లలో ఉంటాయి. జిల్లా పరిషత్ హైస్కూలులో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి ఈ నెలాఖరుకు రిటైరవుతున్న ఒక టీచరమ్మను ఊహించుకుందాం. సంచికలో ఆమెకు వంద మాటల చోటిచ్చారు. రాయాల్సింది ఆమె తోటి టీచరు.

పాత్రల గడి నింపడానికి ఆమె జ్ఞాపకం మీద ఆధారపడటం మంచిది కాదు. ఎవరికైనా ఏళ్లు కలిసిపోతాయి. ‘ఆ ఊళ్లో ఎనిమిదేళ్లు చేశాను’ అన్న చోట నిజంగా అయిదేళ్లే ఉండొచ్చు. ప్రభుత్వ ఉద్యోగులకు సర్వీస్ రిజిస్టర్ ఉంటుంది, వాడుకలో ఎస్సార్. నియామకం, బదిలీ, పదోన్నతి అన్నీ తేదీలతో సహా అందులో ఉంటాయి. ఎస్సార్ చేతికి అందకపోతే పాత బదిలీ ఉత్తర్వులు, రిలీవింగ్ కాగితాలు చాలు. ఇలాగే ప్రైవేటు ఉద్యోగికి నియామక పత్రం, పీఎఫ్ పాసుబుక్కు. చిన్న వ్యాపారికి ఉద్యమ్ రిజిస్ట్రేషన్ కాగితం. రచయితకు పుస్తకం లోపలి పేజీలో ఉండే ముద్రణ సంవత్సరం. అన్నిటికంటే ముందు పేరు. సర్టిఫికెట్‌లో ఉన్న పేరు, ఇంటి పేరు, పెళ్లయ్యాక మారిన పేరు, అందరూ పిలిచే పేరు. ఏది అచ్చులో రావాలో ఆమెనే అడిగి కాగితం పైన రాసుకోవాలి.

సాధనల దగ్గర అందరూ ఒకే మాట చెబుతారు. ‘వంద శాతం ఫలితాలు సాధించారు.’ ఈ మాట విన్నప్పుడల్లా మూడు ప్రశ్నలు అడగాలి. ఎంతమంది పరీక్ష రాశారు? అంతకు ముందు ఏళ్లలో ఎంత ఉండేది? ఎన్నేళ్లు నిలిచింది? ఏడుగురిలో ఏడుగురు పాసవడం, నూట పన్నెండు మందిలో నూట పన్నెండు మంది పాసవడం కాగితం మీద ఒకే శాతం. బడికి వెళ్లి పదో తరగతి నామినల్ రోల్స్, ఫలితాల రిజిస్టరు తీయిస్తే ఈ మూడింటికీ జవాబులు దొరుకుతాయి. లెక్కల సబ్జెక్టు ఫలితం వేరుగా చూడాలి. బడి మొత్తం ఫలితంలో మిగతా టీచర్ల చెమట కూడా ఉంటుంది. సుబ్బారావు బృందంలోని పదహారు పేర్ల సంగతే ఇక్కడా.

అలా తవ్వుతుంటే అసలు సరుకు ఒక్కోసారి వేరే చోట బయటపడుతుంది. మామూలుగా కబుర్లు చెబుతున్నప్పుడు ఆమె, ‘ఆడపిల్లలు ఏడో తరగతి దాటాక మానేస్తుంటే ఇళ్లకు తిరిగేదాన్ని’ అంటుంది. అది ఆమెకు సాధనలా అనిపించలేదు, అందుకే జాబితాలో చెప్పలేదు. రాసేవాడు అక్కడ ఆపి, ‘ఏ ఊళ్లో? ఏ ఏళ్లలో? మళ్లీ బడికొచ్చిన వాళ్లలో ఇద్దరు ముగ్గురి పేర్లు గుర్తున్నాయా?’ అని అడగాలి. తర్వాత అడ్మిషన్ రిజిస్టరు, హాజరు పట్టీలు చూడాలి. పేరు కొట్టేసి మళ్లీ ఎక్కించిన గీత అక్కడ కనిపిస్తే, ఒక పాత విద్యార్థిని ఫోనులో అవునంటే, ఆ వాక్యం వందశాతం ఫలితాల కంటే బరువైనది అవుతుంది. ఆ అమ్మాయి పేరు అచ్చేయాలంటే ఆమె అనుమతి తీసుకోవాలి. లేకుంటే పేరు లేకుండానే రాయాలి.

‘నిరుపేద కుటుంబంలో పుట్టి’ అన్న మాటకు కూడా ఇదే మందు. ఎంత పొలం ఉండేది, బడి ఎంత దూరం, ఫీజు ఎవరు కట్టారు అని అడిగితే పేదరికం అన్న మాట వాడకుండానే పేదరికం తెలుస్తుంది. ఒక్కోసారి అది పేదరికం కాదనీ తెలుస్తుంది.

ఆధారాల్లో బలహీనమైనవాటిని గుర్తుపట్టడం నేర్చుకోవాలి. మంత్రితో దిగిన ఫొటో, ఆ రోజు ఇద్దరూ ఒకచోట నిలబడ్డారని మాత్రమే చెబుతుంది. ఉత్తమ ఉపాధ్యాయ పురస్కారం అంటే మండలానిదా, జిల్లాదా, రాష్ట్ర ప్రభుత్వానిదా, సెప్టెంబరు 5న ఢిల్లీలో ఇచ్చే జాతీయ పురస్కారమా, లేక ఏదైనా ప్రైవేటు సంఘానిదా? ప్రశంసాపత్రం కింద సంతకం ఎవరిదో చూస్తే తేలిపోతుంది. పేరు ముందు డాక్టర్ ఉంటే అది పరిశోధన చేసి తెచ్చుకున్నదా, గౌరవంగా వచ్చినదా, ఇచ్చిన సంస్థకు అసలు పట్టాలిచ్చే అధికారం ఉందా అన్నవి చూసుకోవాలి. నకిలీ విశ్వవిద్యాలయాల జాబితాను యూజీసీ ప్రకటిస్తూనే ఉంటుంది.

అన్నిటికంటే మోసపుచ్చేది పత్రిక కత్తిరింపు. అచ్చులో ఉంది కదా అని నమ్మేస్తాం. జిల్లా పేజీల్లో వచ్చే సన్మాన వార్తల్లో వ్యక్తి వివరాలు చాలాసార్లు నిర్వాహకులు ఇచ్చిన కాగితంలోవే. ఆ కాగితం ఆయనే రాసిచ్చి ఉంటాడు. సన్మాన పత్రం సంగతీ అంతే. అంటే ఆయన మాటకు ఆయన మాటే సాక్ష్యం. కత్తిరింపు ఒక సంఘటన జరిగిన తేదీకి, చోటుకు పనికొస్తుంది. మనిషి గురించి అందులో ఉన్న పొగడ్తకు పనికిరాదు. ఈ తేడా తెలియక ఒకే తప్పు ఇరవై ఏళ్లపాటు సంచిక నుంచి సంచికకు నడుస్తుంది. నాలుగు చోట్ల ఉందంటే నిజమే అయ్యుంటుందనుకుంటారు కానీ నాలుగూ ఒకదాన్ని చూసి ఒకటి రాసినవే.

అలాగని కాగితం లేనిదంతా పారేయాలని కాదు. వంటలక్కకు, డప్పు కళాకారుడికి, ఊరి మంత్రసానికి రిజిస్టర్లు ఎక్కడివి? అక్కడ ఆధారం మనుషులే. ఒకరినొకరు ఎరగని ఇద్దరు ముగ్గురు ఒకే సంగతి చెబితే అది నిలబడుతుంది. అయితే పరిచయంలో దాన్ని లెక్కగా మార్చకూడదు. ‘మూడు వేల కాన్పులు చేసింది’ అని ఎవరూ లెక్కపెట్టని అంకె వేయడం కంటే, ‘ఆ వాడలో మూడు తరాల పిల్లలు ఆమె చేతుల మీదే పుట్టారని అక్కడివాళ్లు చెబుతారు’ అన్నది నిజానికి దగ్గర. ఎవరు చెబుతున్నారో కూడా తెలిసిపోతుంది.

రాసే వేళకు కాగితంలో పాతిక వరసలున్నా భయపడక్కర్లేదు. ఆధారం గట్టిగా ఉండి, చదివేవాళ్లకు దగ్గరైనవి నాలుగైదు చుట్టేసుకుంటే చాలు. సుబ్బారావు బోర్డు అప్పుడు ఇంచుమించు ఇలా వస్తుంది:

‘డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు (1895–1948) భీమవరంలో పుట్టారు. మద్రాసులో వైద్యం చదివి 1922లో అమెరికా వెళ్లారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి, శరీరంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని రూపొందించారు. కండరాలకు శక్తినిచ్చే ఏటీపీని వేరుచేశారు. 1940లో లెడర్లీ సంస్థలో చేరి, తర్వాత అక్కడి పరిశోధనలకు అధిపతి అయ్యారు. గర్భిణులకు ఇచ్చే ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసిన బృందాన్ని, బోదకాలుకు వాడే డీఈసీ మందును తెచ్చిన బృందాన్ని ఆయన నడిపించారు. పిల్లల రక్త క్యాన్సర్‌పై 1948లో తొలి ఫలితాలు చూపిన అమినోప్టెరిన్ కూడా ఆయన బృందం అందించిందే.’

ఇందులో విశేషణం ఒక్కటీ లేదు. అరవై మాటల బోర్డు కాస్త పెరిగిన మాట నిజమే, పెయింటర్ గొణిగితే మొదట పోయేది చివరి వాక్యం. ‘తొలి ఫలితాలు’ అన్న చోట మళ్లీ ‘తొలి’ వచ్చింది కదా అని ఎవరైనా పట్టుకుంటే వాళ్లు ఈ కాగితం పద్ధతిని బాగా వంటబట్టించుకున్నట్టే. ఆ మాట తీసేసి ‘1948లో కొంతకాలం ఫలితం చూపిన’ అని మార్చాలి. ఫార్బర్ వ్యాసం చెప్పేది అంతవరకే. ఆరియోమైసిన్ బోర్డు మీదకు రాలేదు. డగ్గర్ పేరు చెప్పకుండా దాన్ని సరిగా చెప్పే చోటు అక్కడ లేదు. ఖద్దరు గౌను కథ జనవరి 12న ఉదయం ప్రార్థన దగ్గర, ‘అలా రాశారు’ అని చెప్పి మాస్టారు పిల్లలకు వినిపించవచ్చు.

టీచరమ్మ వంద మాటలు కూడా అచ్చుకు వెళ్లే ముందు ఆమె చేతికి ఒకసారి వెళ్లాలి, పక్కన గడుల కాగితంతో సహా. ఆమె సరిదిద్దాల్సినవి పేర్లు, తేదీలు, ఊళ్లు. పొగడ్త తగ్గిందని ఇంట్లోవాళ్లు అలిగితే, ఏ వాక్యం కావాలంటారో దాన్ని రెండో గడిలో రాసి, మూడో గడి వాళ్లనే నింపమనాలి. తర్వాత ఆ కాగితాన్ని తేదీ వేసి ఆమె ఎస్సార్ నకలుతో కలిపి ఒక కవరులో పెడితే, రేపు పెన్షనర్ల సంఘం వాళ్లు పరిచయం అడిగినప్పుడు మళ్లీ బీరువా తెరవాల్సిన పని ఉండదు.